పండుగ కొనుగోళ్లపై ప్రాంతీయ ఉపసంస్కృతి ప్రభావం: హన్మకొండ పరిసరాలు
(ఎంబీఏ, వినియోగదారుల ప్రవర్తన అసైన్‌మెంట్)

కోస్తాకు పెద్ద పండుగ సంక్రాంతి, ఇక్కడ దసరా. కొత్త బట్టలు, బండి, టీవీ కొనేది అప్పుడే. ఏం కొనాలన్నది ఉపసంస్కృతి నిర్ణయిస్తే, ఎప్పుడు, ఎంత కొనాలన్నది చేతికి పైసలు అందే రోజును బట్టి ఉంటుందని మా వాదన.

భూపాలపల్లి, గోదావరిఖని సింగరేణి కుటుంబాలకు లాభాల వాటా సాధారణంగా దసరాకు ముందే అందుతుంది. అందుకే పెద్ద వస్తువుల కొనుగోలు అక్కడ పండుగకు ముందే జరిగిపోతుంది. పత్తి రైతు పరిస్థితి వేరు. తొలి ఏరుడు అక్టోబరులోగానీ మొదలు కాదు. ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మేసరికి దసరా దాటిపోతుంది. పిల్లల బట్టలు, కిరాణం ఉద్దెరకు తెచ్చి, పంట అమ్మాక తీరుస్తారు. ఈ ఇంట్లో ధర తగ్గింపు కన్నా ఖాతా రాసే దుకాణానికే విలువ. రొక్కం ఆఫర్లు పల్లెల్లో వీగిపోవడానికి కారణం ఇదే.

2025లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబరు 21న వచ్చింది. తెల్లవారి నుంచే పెద్ద టీవీలు, ఏసీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. తగ్గింపు సంగతి ముందే తెలిసినప్పుడు కొనేవారు ఆగడం సహజం. ఆ ఏడు దసరా గాంధీ జయంతి నాడే పడి మద్యం దుకాణాలు మూతపడ్డాయి, కొనుగోలు ముందురోజులకు జరిగింది. అవసరం తగ్గలేదు, తేదీ మారింది.

చిన్న సరుకుల్లో ఉపసంస్కృతి ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సద్దుల బతుకమ్మకు పెరుగు, చింతపండు, నిమ్మకాయ, కొబ్బరి, నువ్వుల సద్దులు చేస్తారు. కాబట్టి నువ్వులు, పల్లీలు, కొబ్బరి ఒక్కసారే లేస్తాయి. గునుగు, తంగేడు ఒకప్పుడు చెలకల్లో కోసుకొచ్చేవి. పట్నంలో ఇప్పుడవి కట్టల లెక్కన అంగడి సరుకు. ఈ మార్పు మా పరిశీలనలో అన్నిటికన్నా ముఖ్యం: ఆచారం నిలిచింది, వనరు మారింది.

సంక్రాంతి సకినాలు ప్యాకెట్ పిండికి లొంగవు. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వార్చి, తడి ఆరకముందే గిర్నీ పట్టించాలి. కిలో బియ్యానికి నూరు గ్రాముల పైన నువ్వులు, కొంత వాము పడతాయి. పొడి పిండైతే వేళ్లతో చుట్టేటప్పుడు పోగు తెగుతుంది. కనుక ఇక్కడ పిండి ప్యాకెట్‌కు అసలు పోటీ మరో బ్రాండ్ కాదు, వీధి గిర్నీ. ఎలా చుట్టాలో, ఎంత తడి ఉండాలో తేల్చేది ఇంటి పెద్దమ్మ, అంటే పాఠంలోని సూచక సమూహం. ప్రకటన ఆమెను దాటి వెళ్లలేదు.

రెండేళ్లకోసారి మాఘంలో వచ్చే మేడారం జాతరకు మొక్కు ‘బంగారం’ అంటే బెల్లం. మనిషి ఎత్తు తూచి సమర్పించాలి కనుక గడ్డలే కావాలి. మెత్తని బెల్లం పొడి ఎంత చౌకైనా దానికి పనికిరాదు. ఏజెన్సీ దారిలోని దుకాణదారు అన్నిటికంటే ముందు నింపుకోవాల్సింది గడ్డ బెల్లమే.