రష్యన్ విభక్తులు: మూడో సంవత్సరంలో వార్డుకి వెళ్లబోయే జూనియర్ల కోసం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వచ్చే సెమిస్టర్ నుంచి మీరు రోగులతో రష్యన్‌లోనే మాట్లాడాలి. మొదటి రెండేళ్లూ ఇంగ్లీషులో నడిచిపోయిన మన చదువుకి ఇక్కడే అసలు పరీక్ష మొదలవుతుంది. మందుల పేర్లు అందరూ నేర్చుకుంటారు. తడబడేది విభక్తుల దగ్గరే. అందుకే నేను మూడేళ్లుగా నోట్‌బుక్‌లో రాసుకున్నది మీకోసం ఇక్కడ పెడుతున్నాను. రష్యన్ మాటలను తెలుగులో అక్షరాలను బట్టి రాశాను. నొక్కు పడని చోట 'ఒ' అనేది 'అ' లాగా వినిపిస్తుంది, అది గుర్తుంచుకోండి.

ముందు ధైర్యం తెచ్చుకోండి. విభక్తి అనే ఊహ మనకి కొత్త కాదు. 'నాకు ఇరవై ఏళ్లు' అని మనం అన్నట్టే రష్యన్లు 'మ్నే ద్వాత్సత్ లేత్' అంటారు. 'మ్నే' అంటే నాకు. 'నాకు చలిగా ఉంది' అన్నా 'మ్నే హోలొద్నొ', 'నాకు కజాన్ నచ్చింది' అన్నా 'మ్నే న్రావిత్సా కజాన్'. 'నా దగ్గర పుస్తకం ఉంది' అనేది 'ఉ మెన్యా యెస్త్ క్నీగా'. ఇంగ్లీషులో ఆలోచిస్తే ఇవన్నీ చిక్కుముడులు. తెలుగులో ఆలోచించండి, సగం పని అయిపోతుంది.

రష్యన్‌లో విభక్తులు ఆరు. ఒక్కోదానికి ఒక ప్రశ్న ఉంది, ఆ ప్రశ్నే దాని తాళంచెవి. ఇమెనీతెల్నీ: క్తో, ష్తో (ఎవరు, ఏది). రొదీతెల్నీ: కొవో, చెవో (ఎవరి, దేని, ఏది లేదు). దాతెల్నీ: కొము, చెము (ఎవరికి, దేనికి). వినీతెల్నీ: కొవో, ష్తో (ఎవరిని, దేనిని). త్వొరీతెల్నీ: కెమ్, చెమ్ (ఎవరితో, దేనితో). ప్రెద్లోజ్నీ: ఒ కోమ్, ఒ చ్యోమ్ (ఎవరి గురించి, దేని గురించి). చివరిది ప్రిపొజిషన్ లేకుండా ఎప్పుడూ రాదు.

మాట మారే తీరు చూడాలంటే డాక్టరు అనే మాటనే తీసుకోండి: వ్రాచ్, వ్రాచా, వ్రాచూ, వ్రాచా, వ్రాచోమ్, ఒ వ్రాచే. నొక్కు చివరనే పడుతుంది కాబట్టి వింటే చాలు, చెవికి పట్టేస్తుంది. నర్సుని పిలిచే 'సెస్త్రా'కి వరసగా: సెస్త్రా, సెస్త్రీ, సెస్త్రే, సెస్త్రూ, సెస్త్రోయ్, ఒ సెస్త్రే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: 'ఊ' పుంలింగంలో దాతెల్నీ, స్త్రీలింగంలో వినీతెల్నీ. బహువచనంలో మాత్రం హాయి. 'అమ్' అంటే దాతెల్నీ, 'అమి' అంటే త్వొరీతెల్నీ, 'అహ్' అంటే ప్రెద్లోజ్నీ. లింగభేదం లేదు.

వాక్యం కనబడగానే ముందు ప్రిపొజిషన్ ఉందా అని చూడండి. కొన్ని ప్రిపొజిషన్లు ఒకే విభక్తికి కట్టుబడి ఉంటాయి, వాటితో ఆలోచించే పనే లేదు. ఉ, ఒత్, దొ, ఇజ్, బెజ్, ద్ల్యా, పోస్లె, ప్రోతివ్ వస్తే రొదీతెల్నీ. 'క్' వస్తే దాతెల్నీ. చేరెజ్, ప్రొ వస్తే వినీతెల్నీ. నాద్, పేరెద్, మెజ్దు వస్తే త్వొరీతెల్నీ. 'ఒ', 'ప్రి' వస్తే ప్రెద్లోజ్నీ. మందు చీటీలో ఈ తేడా కళ్లకి కనిపిస్తుంది: 'దొ యెదీ' అన్నా, 'పేరెద్ యెదోయ్' అన్నా భోజనానికి ముందే. 'యెదా' (భోజనం) అనే ఒకే మాట మొదటిదాంట్లో రొదీతెల్నీ అయింది, రెండోదాంట్లో త్వొరీతెల్నీ అయింది. అర్థాన్ని బట్టి ఊహించకండి, ప్రిపొజిషన్‌ని బట్టి చెప్పండి.

అసలు కష్టం రెండు మూడు విభక్తులతో తిరిగే వాటితో: వ్, నా, జా, పోద్, స్. మొదటి నాలుగింటికి ఒకటే పరీక్ష. ఎక్కడ (గ్దే) అని అడగాలా, ఎక్కడికి (కుదా) అని అడగాలా? కదలిక ఉంటే వినీతెల్నీ. ఉన్నచోటే ఉంటే వ్, నా లకి ప్రెద్లోజ్నీ, జా, పోద్ లకి త్వొరీతెల్నీ. రోగిని పరీక్షించేటప్పుడు దీన్ని రోజూ వాడతారు: 'లొజీతెస్ నా స్పీను', వీపు మీద పడుకోండి, అంటే కదిలి పడుకోమనడం. 'లెజీతె నా స్పినే', వీపు మీదే ఉండండి. థర్మామీటరు చంకలోకి పెట్టమంటే 'పోద్ మీష్కు', అది చంకలో ఉంటే 'పోద్ మీష్కోయ్'. ఇక 'స్': 'తో' అయితే త్వొరీతెల్నీ (స్ వ్రాచోమ్), 'నుంచి' అయితే రొదీతెల్నీ (స్ రబోతి, పని నుంచి).

మన 'కి' దగ్గర ఒక ఉచ్చు ఉంది. ఆస్పత్రికి వెళ్తాను, డాక్టరు దగ్గరికి వెళ్తాను, రెండింటికీ మనం 'కి' అంటాం. రష్యన్‌లో చోటు అయితే 'వ్ బొల్నీత్సు', వినీతెల్నీ. మనిషి అయితే 'క్ వ్రాచూ', దాతెల్నీ. తిరిగి వచ్చేటప్పుడు కూడా జతలు మారవు: 'వ్'తో వెళ్తే 'ఇజ్'తో వస్తాం, 'నా'తో వెళ్తే 'స్'తో, 'క్'తో వెళ్తే 'ఒత్'తో. నేను మొదటి వారంలో ఒక పెద్దావిడతో ఆస్పత్రి నుంచి అనడానికి 'స్ బొల్నీత్సి' అన్నాను. ఆమె నా చేయి పట్టుకుని మెల్లగా 'ఇజ్ బొల్నీత్సి' అని రెండుసార్లు చెప్పింది. ఆ జత ఇంకెప్పుడూ తప్పలేదు.

'తో' కూడా రెండుగా చీలుతుంది. స్నేహితుడితో అయితే 'స్ ద్రూగోమ్'. పెన్నుతో రాస్తాను అయితే 'పిషూ రూచ్కోయ్', 'స్' అక్కర్లేదు. తోడు అయితే 'స్' ఉంటుంది, పనిముట్టు అయితే ఉండదు.

ప్రిపొజిషన్ లేకపోతే క్రియే చెప్తుంది. మన 'ని', 'కి'లు ఇక్కడ బాగా సాయపడతాయి. డాక్టరుని అడిగాను: స్ప్రొసీల్ వ్రాచా. డాక్టరుకి చెప్పాను: స్కజాల్ వ్రాచూ. పొమొగాత్ (సాయం చేయడం), జ్వొనీత్ (ఫోన్ చేయడం), మెషాత్ (అడ్డుపడటం), సొవేతొవాత్ (సలహా ఇవ్వడం), ఇవన్నీ కొము. ప్రాణం ఉన్నవాటి విషయంలో మన అలవాటే వాళ్లదీ. మనం 'పుస్తకం చూశాను' అంటాం గానీ 'అన్న చూశాను' అనం, అన్న'ని' చూశాను అంటాం. అలాగే పుంలింగంలో 'వీజు స్తోల్' (బల్ల) మారదు, 'వీజు వ్రాచా' మారుతుంది.

తెలుగుకి కుదరని క్రియలు కొన్నే, వాటిని విడిగా నేర్చుకోవాలి. జానిమాత్సా అంటే ఏదైనా పనిలో ఉండటం, పోల్జొవాత్సా అంటే వాడటం, బొలేత్ అంటే జబ్బుపడటం, స్త్రదాత్ అంటే బాధపడటం, ఇవి కెమ్, చెమ్ అడుగుతాయి. ఫ్లూతో బాధపడుతున్నాడు: బొలేయెత్ గ్రీప్పోమ్. బొయాత్సా (భయపడటం) రొదీతెల్నీ అడుగుతుంది. 'లేదు' అనే 'నెత్' కూడా అంతే: 'నెత్ తెంపెరతూరి', జ్వరం లేదు. మన తెలుగులో 'లేదు' వచ్చినా నామవాచకం మారదు కాబట్టి ఇది నోటికి రావడానికి టైం పడుతుంది. రెండు, మూడు, నాలుగు తర్వాత రొదీతెల్నీ ఏకవచనం: ద్వే తబ్లేత్కి. ఐదు నుంచి ఇరవై వరకు రొదీతెల్నీ బహువచనం: ప్యాత్ తబ్లేతోక్.

క్రియని ఒంటరిగా రాసుకోవద్దు. 'జ్వొనీత్ కొము', 'బొలేత్ చెమ్', 'జాలొవాత్సా నా ష్తో' అని ప్రశ్నతో కలిపే రాయండి. ఆ చివరిది మీకు రోజూ పది సార్లు కావాలి. 'నా ష్తో జాలుయెతెస్?', ఏం బాధ చెప్పుకోవాలని వచ్చారు? రోగి 'నా బోల్ వ్ జివొతే' అంటాడు. 'బోల్' (నొప్పి) ముందు 'నా' ఉంది, అది జాలొవాత్సాతో వచ్చిన వినీతెల్నీ. 'జివొతే' ముందు 'వ్' ఉంది, నొప్పి ఎక్కడ అంటే కడుపులో, కదలిక లేదు, ప్రెద్లోజ్నీ. రేపు వార్డులో ఎవరైనా అలా అంటే, ఆ రెండు విభక్తులూ మనసులో గుర్తుపట్టి, వెంటనే తర్వాతి ప్రశ్న వేయండి: 'ఉ వాస్ యెస్త్ తెంపెరతూరా?'