ప్రొబేషన్ కాలంలో ఉద్యోగ సేవల ముగింపు గురించి

తేదీ: 19 జనవరి 2026
వ్యక్తిగతం, గోప్యం
స్వయంగా చేతికి అందజేస్తున్నది. ఇదే ప్రతి వ్యక్తిగత ఈమెయిల్‌కు కూడా

శ్రీ కిరణ్ గారికి,
డిస్పాచ్ కోఆర్డినేటర్, లాజిస్టిక్స్ విభాగం
ఉద్యోగి నంబరు: 2047

విషయం: ప్రొబేషన్ కాలంలో మీ సేవలను ముగించడం, చివరి పనిదినం 23 జనవరి 2026

కిరణ్ గారూ,

ఈ ఉదయం మీతో, మీ మేనేజర్‌తో కలిసి మాట్లాడిన విషయాన్నే ఇక్కడ రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను. డిస్పాచ్ కోఆర్డినేటర్‌గా మీ సేవలను 23 జనవరి 2026, శుక్రవారం పని వేళలు ముగిసే సమయానికి ముగించాలని సంస్థ నిర్ణయించింది. మీరు 1 సెప్టెంబరు 2025న చేరారు. మీ ఆరు నెలల ప్రొబేషన్ 28 ఫిబ్రవరి 2026 వరకు ఉంది. ప్రొబేషన్ కాలంలో ఇరువైపులా ఎవరైనా 15 రోజుల నోటీసుతో గానీ, అందుకు బదులు జీతంతో గానీ ఉద్యోగ ఒప్పందాన్ని ముగించుకోవచ్చని మీ నియామక పత్రంలోని 6వ నిబంధన చెబుతోంది. ఆ నిబంధన కిందే ఈ నిర్ణయం తీసుకున్నాం. ఇది పూర్తిగా ఖరారైన నిర్ణయం. ఇంకా ఆలోచనలో ఉందేమో అన్న సందేహంలో మిమ్మల్ని ఉంచడం న్యాయం కాదు కనుక ఆ మాట ముందే చెబుతున్నాను.

కారణం ఒక్కటే. ఈ ఉద్యోగం కోరే పని తీరు, మీ పని తీరు కలవలేదు.

డిస్పాచ్ సీటులో మర్నాటి లోడింగ్ ప్లాన్ సాయంత్రం 4 గంటలకల్లా ఖరారు కావాలి. ఆ తర్వాత బండి రద్దయినా, గోదాము నుంచి సరుకు తక్కువ వచ్చినా, ట్రాన్స్‌పోర్టర్‌తో ఫోన్‌లోనే మాట్లాడి నిమిషాల్లో ప్లాన్ మార్చాలి. చేతిలో సగం సమాచారమే ఉన్నా ఏదో ఒకటి తేల్చాలి. మీరు ప్రతి ప్రత్యామ్నాయాన్నీ లెక్క చూసుకుని, పక్కాగా రుజువయ్యాకే ముందుకు వెళ్తారు. అది తప్పు పద్ధతి కాదు. చాలా పనుల్లో అదే కావాలి. ఈ సీటులో మాత్రం దానికి వ్యవధి దొరకదు. 10 అక్టోబరు, 21 నవంబరు, 19 డిసెంబరు 2025 తేదీల్లో మీ మేనేజర్ మీతో జరిపిన మూడు సమీక్షల్లోనూ చర్చ ఈ ఒక్క అంశం చుట్టూనే సాగింది. నవంబరు సమీక్ష తర్వాత సాయంత్రం షిఫ్టులో ఒక సీనియర్ కోఆర్డినేటర్‌ను మీ పక్కన కూర్చోబెట్టాం. రద్దయిన బండ్ల విషయంలో ఎవరినీ అడగకుండా మీరే నిర్ణయించుకునే అధికారం కూడా ఇచ్చాం. మీరు శ్రద్ధగా ప్రయత్నించారు. అయినా ప్లాన్ ఖరారయ్యే సమయంలో ఈ సీటుకు సరిపడేంత మార్పు రాలేదని డిసెంబరు సమీక్షలో మీ సమక్షంలోనే నమోదు చేశాం. ఆ మూడు సమీక్షల నోట్లు మీ దగ్గర ఉన్నాయి. వాటిలో లేని కొత్త కారణం ఏదీ ఈ లేఖలో లేదు.

ఇది క్రమశిక్షణ చర్య కాదు. మీ నిజాయితీ, నడవడిక, హాజరు, తోటివారితో మీ వ్యవహారం, వీటిలో దేనిమీదా ఎలాంటి ఫిర్యాదు గానీ విచారణ గానీ లేదు. మీ ఫైలులో అలాంటి కాగితం ఏదీ లేదు, ఇకపై చేరదు కూడా.

ఇంకో మాట కూడా రికార్డులో ఉండాలి. గోదాము స్టాకుకూ సిస్టమ్‌లోని లెక్కకూ మధ్య తేడాలను వారం వారం పట్టి చూపే షీటు తయారుచేసింది మీరే. అది మీ ఉద్యోగ బాధ్యతల్లో లేని పని. స్టోర్స్ విభాగం దాన్ని ఈరోజుకీ వాడుతోంది. అలాంటి పనికి మిమ్మల్ని మార్చే వీలుందేమోనని స్టోర్స్, ఇంటర్నల్ ఆడిట్ విభాగాలను డిసెంబరు చివర్లో అడిగాం. ప్రస్తుతం రెండు చోట్లా ఖాళీ లేదు. ఖాళీ వస్తే దరఖాస్తు చేయడానికి మీకు ఎలాంటి అడ్డూ ఉండదు. అయితే అది హామీ మాత్రం కాదు, దానికోసం మీరు వేరే అవకాశాలు వదులుకోవద్దు.

ఇక మీకు రావలసిన డబ్బు గురించి. 23వ తేదీ వరకు జనవరి జీతం, వాడుకోని 6 రోజుల ఆర్జిత సెలవులకు జీతం, 15 రోజుల నోటీసుకు బదులు జీతం, ఈ మూడూ కలిపి 27 జనవరి, మంగళవారం మీ జీతం ఖాతాలోనే జమ అవుతాయి. ఈ వారం మీరు పనిచేసే రోజులను నోటీసు జీతంలోంచి తగ్గించడం లేదు. 15 రోజులకూ పూర్తిగా ఇస్తున్నాం. ఉద్యోగం ముగిసిన రెండు పనిదినాల్లోపు వేతనాలు చెల్లించాలని వేతనాల కోడ్, 2019 చెబుతోంది. 26న సెలవు ఉన్నా ఆ గడువు దాటకుండా తేదీ పెట్టాం. ఈ చెల్లింపుకూ మీరు వస్తువులు అప్పగించడానికీ ముడి లేదు. ట్రెయినింగ్ ఖర్చు పేరుతో గానీ, మరే పేరుతో గానీ రికవరీ ఉండదు. చట్టప్రకారం పట్టే పీఎఫ్, టీడీఎస్ వంటివి మాత్రమే తగ్గుతాయి. మొత్తాల వివరం ఈ లేఖతో జతచేసిన లెక్క కాగితంలో ఉంది. సేవాకాలం అర్హతకు చేరలేదు కనుక గ్రాట్యుటీ ఇందులో లేదు.

జనవరి నెల పీఎఫ్ చందాను 15 ఫిబ్రవరిలోపు కట్టి, మీ ఎగ్జిట్ తేదీని కూడా నమోదు చేయిస్తాం. ఆ నెల గడిచాక యూఏఎన్ పోర్టల్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఎగ్జిట్ తేదీ పడకపోతే తర్వాతి ఉద్యోగంలో బదిలీ దగ్గర అనవసరంగా టెన్షన్ పడాల్సి వస్తుంది. ఈ ఆర్థిక సంవత్సరపు ఫారం 16ను 15 జూన్ 2026లోపు మీ వ్యక్తిగత ఈమెయిల్‌కు పంపుతాం. గ్రూపు ఆరోగ్య బీమా మీకూ మీ కుటుంబానికీ 31 జనవరి వరకు ఉంటుంది. అప్పటిలోపు చికిత్స ఏదైనా జరిగితే బిల్లులు మాకు పంపండి, క్లెయిమ్ వేయించే పూచీ మాది.

అప్పగింత విషయంలో మీ నుంచి కావలసింది తక్కువే. నడుస్తున్న ఆర్డర్ల జాబితా, ట్రాన్స్‌పోర్టర్లతో మధ్యలో ఉన్న రేటు మాటలు, స్టాకు తేడాల షీటు ఎలా నడుస్తుందో రెండు మూడు పేరాల వివరణ, ఇవి గురువారంలోపు మీ మేనేజర్‌కు ఇస్తే చాలు. ల్యాప్‌టాప్, కంపెనీ సిమ్, గుర్తింపు కార్డు శుక్రవారం నాకే నేరుగా ఇవ్వండి, రసీదు రాసిస్తాను. ల్యాప్‌టాప్‌లో మీ సొంత ఫొటోలు, కాగితాలు ఉంటే ముందే తీసుకోండి. ఐటీ వాళ్లకు చెప్పి ఉంచాను, వాళ్లు సాయం చేస్తారు. మీ లాగిన్ శుక్రవారం సాయంత్రం వరకు మామూలుగానే పనిచేస్తుంది. ఈ వారంలో ఇంటర్వ్యూలకు వెళ్లాల్సి వస్తే వెళ్లండి. ముందురోజు మీ మేనేజర్‌కు ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది, దానికి సెలవు పట్టం. అసలు ఈ వారం ఆఫీసుకు రావడమే ఇబ్బందిగా అనిపిస్తే అప్పగింత ఇంటి నుంచే చేయవచ్చు. జీతంలో తేడా రాదు.

టీముకు ఏం చెప్పాలన్నది మీరు కూడా చూసి ఒప్పుకోవాలి. నేను రాసుకున్నది ఇది: “కిరణ్ గారు 23 జనవరితో సంస్థ నుంచి వెళ్తున్నారు. స్టాకు తేడాల షీటు ఆయన మనకు తయారుచేసి ఇచ్చినది. ఆయనకు శుభాకాంక్షలు.” ఇంతకుమించి కారణాలేవీ మా వైపు నుంచి బయటికి వెళ్లవు. మాటలు మార్చాలన్నా, అసలు మెయిలే వద్దన్నా బుధవారంలోపు చెప్పండి.

సర్వీసు సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ శుక్రవారమే మీ చేతికి ఇస్తాం. వాటిలో మీ హోదా, చేరిన తేదీ, చివరి పనిదినం మాత్రమే ఉంటాయి. రేపు మరో సంస్థ మమ్మల్ని వాకబు చేసినా ఆ మూడు విషయాలే ధ్రువీకరిస్తాం. ఎందుకు వెళ్లారని అడిగితే, వ్యక్తిగత వివరాలు చెప్పడం మా పద్ధతి కాదని అంటాం. విశ్లేషణ పని ఉన్న ఉద్యోగాలకు దరఖాస్తు చేసేటప్పుడు తన పేరు రెఫరెన్సుగా ఇచ్చుకోవచ్చని మీ మేనేజర్ తనంతట తానే చెప్పారు. అలా ఇచ్చుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం.

నియామక పత్రంలోని 11వ నిబంధన ప్రకారం కస్టమర్ల రేట్లు, ట్రాన్స్‌పోర్టర్ల ఒప్పందాల గోప్యత మీరు వెళ్లిన తర్వాత కూడా వర్తిస్తుంది. ఇందులో కొత్తగా చేర్చినదేమీ లేదు. ఇతర సంస్థల్లో, మా పోటీదారుల దగ్గరైనా సరే, ఉద్యోగం చేయడానికి ఎలాంటి నిషేధం లేదు.

ఈ లేఖలో ఏ తేదీ గానీ లెక్క గానీ తప్పుగా ఉందనిపిస్తే, సమీక్షల గురించి రాసిన దానితో మీరు ఏకీభవించకపోతే, రాతపూర్వకంగా నాకు పంపండి. లెక్కల్లో తప్పుంటే వెంటనే సరిచేస్తాం. అభిప్రాయభేదం ఉంటే మీ జవాబును ఈ లేఖ పక్కనే ఫైలులో ఉంచుతాం. కింద మీరు పెట్టే సంతకం లేఖ అందిందనడానికి మాత్రమే. అది ఈ నిర్ణయానికి అంగీకారం కాదు. చట్టం మీకు ఇచ్చిన ఏ హక్కునూ మీరు దీనివల్ల వదులుకున్నట్టు కాదు. సంతకం పెట్టడం ఇష్టం లేకపోయినా మీకు రావలసినవేవీ ఆగవు.

ఇలాంటి లేఖ అందుకోవడం ఎవరికీ తేలిక కాదు. ఇంటికి వెళ్లి నిదానంగా మళ్లీ చదువుకోండి. ఏది అర్థం కాకపోయినా నన్ను అడగండి. ఈ వారం రోజూ మధ్యాహ్నం 3 నుంచి 4 వరకు ఆ సమయం మీ కోసమే ఖాళీగా ఉంచుకున్నాను.

ఇట్లు,
సంస్థ తరఫున,
(సంతకం)
మేనేజర్, మానవ వనరుల విభాగం

జతపరచినవి: తుది చెల్లింపు లెక్క కాగితం, నియామక పత్రం నకలు, మూడు సమీక్షల నోట్ల నకళ్లు

అందినట్టు ధ్రువీకరణ

19 జనవరి 2026 తేదీ గల ఈ లేఖ, దానితో జతపరచిన కాగితాలు నాకు అందాయి. ఈ సంతకం అందినందుకు మాత్రమే.

కిరణ్, ఉద్యోగి నంబరు 2047
(సంతకం, తేదీ)