లెక్కల ట్యూషన్: 6 నుంచి 10వ తరగతి వరకు, ఆన్‌లైన్‌లో, ఒక్కొక్కరికి విడిగా

1/2 + 1/3 ఎంత అంటే 2/5 అని రాసే పిల్లలు ప్రతి ఏడాదీ నా దగ్గరికి వస్తారు. వాళ్లలో తొమ్మిదో తరగతి వాళ్లూ ఉంటారు. తప్పు అని కొట్టేయను. "సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుందా?" అని అడుగుతాను. కాసేపు ఆలోచించి వాళ్లే దిద్దుకుంటారు. ఆల్జీబ్రా రావడం లేదని చేర్పించిన చాలామందికి అసలు చిక్కు ఎప్పుడో భిన్నాల దగ్గరో, మైనస్ గుర్తు దగ్గరో పడి ఉంటుంది. అందుకే మొదటి రోజు సిలబస్ తెరవను. పది చిన్న లెక్కలిచ్చి, పైకి చెబుతూ చేయమంటాను. ఎక్కడ ఆగితే అక్కడి నుంచే మొదలుపెడతాం.

క్లాసు 45 నిమిషాలు. ఫోన్ కెమెరా నోట్‌బుక్ వైపు తిప్పి పెట్టండి. ముఖం కనిపించకపోయినా ఫర్వాలేదు, పెన్ను కదలడం నాకు కనిపించాలి.

క్లాసు బుక్ చేసుకోండి

క్యాలెండర్‌లో ఆకుపచ్చ గడులు ఖాళీగా ఉన్నవి. సమయాలు మీ ఫోన్‌లో ఉన్న టైమ్ ప్రకారమే కనిపిస్తాయి, వేరే దేశంలో ఉన్నా మీరు లెక్క కట్టుకోనక్కర్లేదు. గడి నొక్కాక 15 నిమిషాలు మీ పేరు మీదే ఉంటుంది, ఆలోగా ఫీజు కట్టకపోతే మళ్లీ ఖాళీ అవుతుంది. క్లాసు మార్చుకోవాలంటే 12 గంటల ముందు మార్చండి. పిల్లలకు ఒంట్లో బాగోలేకపోతే ఈ గడువు వర్తించదు, ఒక్క మెసేజ్ చాలు.

ఫీజు

మొదటి క్లాసు ఉచితం. ఆ తర్వాత విడిగా ఒక్కో క్లాసు తీసుకోవచ్చు, లేదా 7 క్లాసుల ఫీజుకు 8 క్లాసుల ప్యాక్ తీసుకోవచ్చు. ప్యాక్ 60 రోజుల్లో వాడుకోవాలి. ఆరో తరగతికైనా పదో తరగతికైనా ఒకటే ఫీజు. అడ్మిషన్ ఫీజు, మెటీరియల్ ఫీజు అంటూ వేరే ఏమీ ఉండవు. కట్టాల్సిన మొత్తం గడి నొక్కగానే కనిపిస్తుంది.

ప్యాక్ మధ్యలో మానేస్తే, అయిన క్లాసులకు విడి ఫీజు మినహాయించి మిగతాది వాపసు ఇస్తాను. మూడు క్లాసులయ్యాక ఆపేస్తే నాలుగు క్లాసుల డబ్బు తిరిగి వస్తుందన్నమాట. ఒకేసారి కట్టడం కష్టమైతే చెప్పండి, రెండు వాయిదాల్లో తీసుకుంటాను. ఆ మాట పిల్లల ముందు ఎత్తను.

చెల్లింపు

కార్డుతో గానీ, బ్యాంకు ఖాతా నుంచి గానీ కట్టవచ్చు. కార్డు వివరాలు పేమెంట్ సంస్థ పేజీలోనే నింపుతారు, అవి నాకు చేరవు. ఓటీపీ నేను ఎప్పుడూ అడగను, నా పేరు చెప్పి ఎవరడిగినా ఇవ్వకండి. చెల్లింపు పూర్తికాగానే రసీదు, క్లాసు లింకు మీ ఈమెయిల్‌కు వస్తాయి. డబ్బు కట్ అయ్యి రసీదు రాకపోతే మళ్లీ కట్టకండి. ముందు నాకు రాయండి, మీ గడి ఎవరికీ ఇవ్వకుండా ఆపి ఉంచుతాను.

[ఉచిత క్లాసుకు రోజు ఎంచుకోండి]