మిర్చి ఛాంబరు, జీడి మిషను: సంభావ్యతలతో క్యాపిటల్ బడ్జెటింగ్ – రెండు ప్రశ్నలు, పూర్తి జవాబులు

ఎంకాం, ఎంబీఏ, సీఎంఏ విద్యార్థుల కోసం ఈ రెండు లెక్కలు. కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని ముందు మీరే చేయండి, ఆ తర్వాత జవాబు చూడండి. డబ్బు అంకెలన్నీ లక్షల రూపాయల్లో. పన్నును లెక్కలోకి తీసుకోలేదు.

ప్రశ్న 1

గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ నడుపుతున్న ఒక సంస్థ 50,000 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పట్టే కొత్త ఛాంబరు కట్టాలనుకుంటోంది. పెట్టుబడి ₹180 లక్షలు, మొత్తం మొదట్లోనే పెట్టాలి. ఛాంబరు ఆరేళ్లు పనిచేస్తుంది, చివర్లో అమ్మకపు విలువ సున్నా. టిక్కీకి సీజను అద్దె ₹200. హమాలీ, బీమా, అదనపు కరెంటు కలిపి టిక్కీకి ₹50 ఖర్చు. వాచ్‌మన్, ఆపరేటర్ల జీతాలు, మరమ్మతులకు ఏటా ₹10.5 లక్షలు. మూలధన వ్యయం 12%. ఏటా వచ్చే సరుకు అంచనా ఇది:

| సరుకు (టిక్కీలు) | సంభావ్యత |
|---|---|
| 50,000 | 0.3 |
| 40,000 | 0.5 |
| 20,000 | 0.2 |

12% వద్ద ఆరేళ్ల యాన్యుటీ ఫ్యాక్టర్ 4.111.

(అ) ఎక్స్‌పెక్టెడ్ ఎన్‌పీవీ ఎంత?
(ఆ) ఏ అంశం ఎంత శాతం ప్రతికూలంగా మారితే ఎన్‌పీవీ సున్నా అవుతుంది?
(ఇ) 20,000 టిక్కీలే వచ్చే సంభావ్యత 0.2 నుంచి ఎంతకు పెరిగితే ప్రాజెక్టు లాభం పోతుంది? మిగిలిన రెండింటి నిష్పత్తి 3:5గానే ఉంటుందనుకోండి.
(ఈ) ఎన్‌పీవీ స్టాండర్డ్ డీవియేషన్‌ను రెండు విధాలుగా కట్టండి: మొదటి ఏడాది ఎలా ఉంటే ఆరేళ్లూ అలాగే ఉంటే, ఏ ఏడాదికా ఏడాది స్వతంత్రంగా ఉంటే.

జవాబు (అ)

సగటు సరుకు: 50,000 × 0.3 + 40,000 × 0.5 + 20,000 × 0.2 = 39,000 టిక్కీలు.
కాంట్రిబ్యూషన్: 39,000 × ₹150 = 58.5.
స్థిర ఖర్చు తీసేస్తే ఏటా నగదు: 58.5 − 10.5 = 48.
ఎన్‌పీవీ: 48 × 4.111 − 180 = 197.33 − 180 = +17.33 లక్షలు.

ఇక్కడితో ఆపేసి "ప్రాజెక్టు చేపట్టవచ్చు" అని రాస్తే పేపరు దిద్దేవాళ్లు మార్కులు వేస్తారు. కానీ 39,000 టిక్కీలు అనేది పట్టికలో ఎక్కడా లేదు. ఏ ఏడాదీ ఆ అంకె రాదు. అందుకే ఒక్కో పరిస్థితికీ విడిగా ఎన్‌పీవీ కట్టి చూపించడం నా విద్యార్థులందరికీ తప్పనిసరి చేస్తాను. ఆరేళ్లూ ఒకే పరిస్థితి కొనసాగితే:

| సరుకు | ఏటా నగదు | ఎన్‌పీవీ | సంభావ్యత × ఎన్‌పీవీ |
|---|---|---|---|
| 50,000 | 64.5 | +85.16 | +25.55 |
| 40,000 | 49.5 | +23.49 | +11.75 |
| 20,000 | 19.5 | −99.84 | −19.97 |

కూడితే మళ్లీ 17.33 వస్తుంది, లెక్క సరిపోయింది. ఇప్పుడు చూడండి: సగటు 17 లక్షల లాభం వెనుక, పెట్టిన 180 లక్షల్లో దాదాపు వంద లక్షలు పోయే దారి కూడా ఉంది. దాని సంభావ్యత అయిదో వంతు. బ్యాంకు మేనేజరు అడిగేది ఈ వరుస గురించే.

జవాబు (ఆ)

సూత్రం ఒక్కటే:

```
సెన్సిటివిటీ % = ఎన్‌పీవీ ÷ ఆ అంశం ప్రస్తుత విలువ × 100
```

"ఆ అంశం ప్రస్తుత విలువ" అంటే ఏటా మొత్తం × 4.111. పెట్టుబడికి మాత్రం 180 నేరుగా. సరుకు పరిమాణం విషయంలో చాలామంది అద్దె ఆదాయంతో భాగిస్తారు, అది తప్పు. సరుకు తగ్గితే హమాలీ ఖర్చు కూడా తగ్గుతుంది కాబట్టి భాగించాల్సింది కాంట్రిబ్యూషన్‌తో.

| అంశం | ప్రస్తుత విలువ | ఎంత మారితే సున్నా | ఏ స్థాయికి |
|---|---|---|---|
| అద్దె | 320.66 | 5.4% తగ్గితే | ₹189.2 |
| సరుకు | 240.49 | 7.2% తగ్గితే | 36,190 టిక్కీలు |
| పెట్టుబడి | 180.00 | 9.6% పెరిగితే | 197.33 |
| టిక్కీ ఖర్చు | 80.16 | 21.6% పెరిగితే | ₹60.8 |
| స్థిర ఖర్చు | 43.17 | 40.1% పెరిగితే | 14.72 |

మూలధన వ్యయానికి: 180 ÷ 48 = 3.75. ఆరేళ్లకు 15% ఫ్యాక్టర్ 3.784, 16% ఫ్యాక్టర్ 3.685. మధ్యలో చూస్తే ఐఆర్ఆర్ సుమారు 15.3%. వడ్డీ మూడు శాతం పెరిగినా ప్రాజెక్టు తట్టుకుంటుంది.

పట్టిక ప్రకారం అన్నింటికంటే సున్నితమైనది అద్దె, ఆ తర్వాత సరుకు. పరీక్షలో ఈ వరుస రాస్తే చాలు. అయితే 5.4% అనే అంకె అద్దె తగ్గే అవకాశం ఎంతో చెప్పదు, తగ్గితే ఏమవుతుందో మాత్రమే చెబుతుంది. సీజను అద్దె ముందే ఖరారైపోతే అది మధ్యలో పదకొండు రూపాయలు పడిపోయే అవకాశం తక్కువ. సరుకు అలా కాదు. 36,190 కంటే తక్కువ రావడానికి అయిదో వంతు అవకాశం ఉందని ప్రశ్నలోనే ఇచ్చారు. కాబట్టి శాతంలో అద్దె మొదటి స్థానంలో ఉన్నా, యజమాని నిద్ర చెడగొట్టాల్సింది సరుకే. ఈ రెండు పట్టికలనూ కలిపి చదివి ఒక్క వాక్యం రాసిన విద్యార్థికి నేనైతే అదనపు మార్కు వేస్తాను.

జవాబు (ఇ)

మంచి పరిస్థితులు రెండింటి సగటు ఎన్‌పీవీ: (25.55 + 11.75) ÷ 0.8 = 46.62. చెడ్డ పరిస్థితి సంభావ్యత p అనుకుంటే:

```
46.62 × (1 − p) − 99.84 × p = 0
p = 46.62 ÷ 146.46 = 0.318
```

అంటే 20% అనుకున్నది 32%కి చేరితే లాభం పోయినట్టే. ఈ చిన్న లెక్కను పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోవు, నాకు మాత్రం చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. ఎందుకంటే 0.2 అనేది కూడా ఒక అంచనాయే, ఎవరో మనిషి చెప్పిన అంకె. అద్దెకూ ఖర్చుకూ సెన్సిటివిటీ కట్టి, అన్నింటికంటే బలహీనమైన ఆ అంచనాను వదిలేయడం న్యాయం కాదు.

జవాబు (ఈ)

ఏటా నగదు విచలనం: సగటు 48 నుంచి తేడాలు +16.5, +1.5, −28.5.
వేరియన్స్: 0.3 × 272.25 + 0.5 × 2.25 + 0.2 × 812.25 = 245.25. స్టాండర్డ్ డీవియేషన్ 15.66.

ఆరేళ్లూ ఒకేలా ఉంటే: 15.66 × 4.111 = 64.4 లక్షలు.

ఏ ఏడాదికా ఏడాది స్వతంత్రమైతే ప్రతి ఏడాది వేరియన్స్‌ను 1.12^(2t)తో భాగించి కూడాలి. ఆరేళ్ల మొత్తం ఫ్యాక్టర్ 2.922. 245.25 × 2.922 = 716.6, వర్గమూలం 26.8 లక్షలు.

ఎక్స్‌పెక్టెడ్ ఎన్‌పీవీ రెండింట్లోనూ అదే 17.33. రిస్క్ మాత్రం ఒకదానిలో రెండో దానికంటే రెండింతలకు పైగా ఉంది. ప్రశ్నలో "సంభావ్యత 0.2" అని ఉంటే, ప్రతి ఏటా మళ్లీ 0.2 అనా, మొదట ఒక్కసారి తేలిపోయి ఆరేళ్లూ అదే అనా? ఇది అడగకుండా స్టాండర్డ్ డీవియేషన్ కట్టకూడదు.

మిర్చి విషయంలో నిజం ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 2021-22 సీజన్లో నల్ల తామర పురుగు తోటలను దెబ్బతీసినట్టు, తెగులు వచ్చిన ఏడాది సరుకే తక్కువ. అది మరుసటి ఏటికి అంటుకోకపోవచ్చు. మరో పక్క యార్డులో ధర పడిపోయినప్పుడు రైతు అమ్మకుండా దాచుకుంటాడు, ఛాంబర్లు నిండుతాయి. కానీ ఆ ధర చూసి మరుసటి ఏడు సాగు తగ్గిస్తే, నిండిన ఏడాది వెనుకే ఖాళీ ఏడాది వస్తుంది. మరోవైపు పక్కనే ఇంకెవరో పెద్ద కోల్డ్ స్టోరేజీ కట్టారనుకోండి, ఆ దెబ్బ ఆరేళ్లూ ఉంటుంది. సరుకు ఎందుకు తగ్గుతుందో తెలిస్తేనే 64కూ 27కూ మధ్య ఏది దగ్గరో చెప్పగలం.

ఒక హెచ్చరిక. సంభావ్యతలతో నగదును ఇలా తూచిన తర్వాత "రిస్క్ ఉంది కదా" అని 12%ను 15% చేయకండి. ఒకే భయానికి రెండుసార్లు మూల్యం చెల్లించినట్టవుతుంది.

ప్రశ్న 2

పలాసలో జీడి పిక్కలు ఒలిచే ఒక చిన్న యూనిట్ ₹20 లక్షల మిషను కొనాలనుకుంటోంది. ఆయుష్షు రెండేళ్లు. మొదటి ఏడాది మార్కెట్ బాగుంటే (0.6) నగదు 14, బాగోకపోతే (0.4) 6. మొదటి ఏడాది బాగుంటే రెండో ఏడాది 16 (0.7) లేదా 9 (0.3). బాగోకపోతే రెండో ఏడాది 12 (0.2) లేదా 5 (0.8). రేటు 10%, ఫ్యాక్టర్లు 0.909, 0.826.

(అ) ఎక్స్‌పెక్టెడ్ ఎన్‌పీవీ ఎంత?
(ఆ) మొదటి ఏడాది చివర్లో మిషనును ₹10 లక్షలకు అమ్మేసే వీలుంటే?
(ఇ) ఆ అమ్మకపు ధర కనీసం ఎంత ఉండాలి?

జవాబు (అ)

| దారి | ఉమ్మడి సంభావ్యత | ఎన్‌పీవీ | గుణకారం |
|---|---|---|---|
| 14, 16 | 0.42 | +5.942 | +2.496 |
| 14, 9 | 0.18 | +0.160 | +0.029 |
| 6, 12 | 0.08 | −4.634 | −0.371 |
| 6, 5 | 0.32 | −10.416 | −3.333 |

మొత్తం −1.18 లక్షలు. ఇంతవరకే చూస్తే వద్దనాలి. ఉమ్మడి సంభావ్యతల కూడిక 1 అయిందో లేదో చూసుకోవడం మరవకండి.

జవాబు (ఆ)

మొదటి ఏడాది చివర్లో నిలబడి చూడాలి. మార్కెట్ బాగోలేదు అనుకుందాం. కొనసాగితే రెండో ఏట వచ్చేది సగటున 0.2 × 12 + 0.8 × 5 = 6.4, ఆనాటి విలువ 5.82. అమ్మితే 10. అమ్మేయాలి. మార్కెట్ బాగుంటే కొనసాగడం విలువ 13.9 × 0.909 = 12.64, పదికంటే ఎక్కువ. ఉంచుకోవాలి.

చెడ్డ దారి ఎన్‌పీవీ ఇప్పుడు (6 + 10) × 0.909 − 20 = −5.456. దానికి 0.4 వేస్తే −2.182. మంచి దారుల నుంచి 2.525. మొత్తం +0.34 లక్షలు. అమ్మేసే హక్కు విలువ 0.34 + 1.18 = 1.52 లక్షలు.

జవాబు (ఇ)

అమ్మకపు ధర ఒక లక్ష మారితే ఎన్‌పీవీ 0.4 × 0.909 = 0.3636 మారుతుంది. 0.342 ÷ 0.3636 = 0.94. కాబట్టి కనీస ధర 10 − 0.94 = ₹9.06 లక్షలు.

అంటే 9.4% తగ్గుదల వరకే ఓపిక ఉంది. ఇక్కడ ఇంకో మాట రాయాలి: మార్కెట్ బాగోలేని ఏడాదే ఈ మిషను అమ్మకానికి వస్తుంది, ఆ ఏడాది చుట్టుపక్కల యూనిట్లూ మిషన్లు అమ్మే ప్రయత్నంలోనే ఉంటాయి. అప్పుడు పది లక్షలు పలుకుతుందని నమ్మడం కష్టం. తిరిగి కొంటామని సరఫరాదారు ధరతో సహా రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఈ +0.34ను చూపి మిషను కొనమని సిఫారసు చేయండి. లేకపోతే (అ)లోని −1.18నే జవాబుగా తీసుకోండి.