అమ్మను చూడ్డానికి వచ్చే మనవాళ్లందరికీ

బరంపురం, ఆగస్టు 12

పెద్దత్తకి, మామయ్యలకి, ఇచ్ఛాపురం పిన్నికి, బాబాయికి, పర్లాకిమిడి నుంచి, గుణుపురం నుంచి బయల్దేరుదామనుకుంటున్న అన్నయ్యలకి, వదినలకి,

ఈ నెల 18, సోమవారం అమ్మకి మూడో కీమో. ఈసారి ఎవరెవరు వస్తున్నారని అమ్మ రోజూ అడుగుతోంది. మీరందరూ రావాలి. రావద్దని రాస్తున్న ఉత్తరం కాదిది. వచ్చేటప్పుడు ఒంటిమీద, బట్టల్లో, సంచుల్లో ఏ వాసనా లేకుండా రమ్మని చెప్పడానికే రాస్తున్నాను. చిన్నదాన్ని, పెద్దవాళ్లకి చెబుతున్నానని ఏమీ అనుకోకండి. అమ్మ తన నోటితో ఈ మాట ఎప్పటికీ చెప్పదు, అందుకే నేను చెబుతున్నాను.

జూలై 28న రెండో కీమో అయింది. మూడో రోజు ఒక అత్త వచ్చారు. ఎవరో రాయను, ఆవిడ తప్పు ఇందులో రవ్వంత కూడా లేదు. జడలో మొగలిరేకు పెట్టుకుని, అమ్మకోసం ఇంకో పొత్తు ఆకులో చుట్టి తెచ్చారు. మన గంజాం మొగలి కదా, అత్తరు తీసేది దాంతోనే, గుమ్మం దాటకముందే ఇల్లంతా తెలిసిపోతుంది. అమ్మకి మొగలి అంటే ప్రాణమని మనింట్లో తెలియనిదెవరికి? అమ్మ నవ్వుతూనే పావుగంట మాట్లాడింది. కొంగు మాత్రం ముక్కు దగ్గర్నుంచి తీయలేదు. ఆవిడ మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా ఓర్చుకుని, అప్పుడు బేసిన్ అందుకుంది. పొద్దున్న తాగిన గంజి, వాంతికని వేసిన మాత్ర, అన్నీ వచ్చేశాయి. రాత్రి దాకా గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవలేదు. కాస్త తేరుకున్నాక నా చెయ్యి పట్టుకుని, "ఆవిడతో అనకే, బాధపడుతుంది" అంది.

ఎందుకిలా అవుతుందో ఆసుపత్రిలో సిస్టర్ని కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాను. కీమో మందు పేగుల లోపలి పొరని రేపుతుంది. అక్కడి నుంచి వాంతి చేయించే మెదడు భాగానికి కబురు వెళ్తుంది. అమ్మకి ఇచ్చే ఒండాన్‌సెట్రాన్ మాత్ర ఆ కబురుని అడ్డుకోవడానికే. మొదటి రోజు వికారం చాలావరకు మందులకి లొంగుతుంది. రెండో రోజు నుంచి అయిదో రోజు దాకా వచ్చేది అంత తేలిగ్గా లొంగదు. పైగా ఈ మందు, వేగంగా పుట్టే కణాలన్నిటినీ దెబ్బతీస్తుంది. నాలుక మీద రుచి తెలిపేవి, ముక్కులో వాసన పట్టేవి కూడా ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టే కణాలే. అందుకే మంచినీళ్లు ఇనుప రుచి వేస్తాయి, మనకి తెలియని వాసన అమ్మకి భరించలేనంతగా తగులుతుంది. "నాకేం వాసన రావట్లేదే" అని దయచేసి అమ్మ ముందు అనకండి. మీకు రాకపోవచ్చు. అమ్మకి వస్తోంది.

ఇంకో సంగతి నన్ను బాగా కదిలించింది. రెండో కీమోకి వెళ్లిన రోజు, ఇంకా సూది కూడా పెట్టలేదు, వరండాలో స్పిరిట్ వాసన తగలగానే అమ్మకి కడుపులో తిప్పేసింది. ఒకసారి వాంతితో ముడిపడిన వాసన మనసులో అలాగే ఉండిపోతుందట. అందుకే పిన్నీ, నువ్వు చిలికా రొయ్యల ఇగురు చేసి తెస్తానన్నావు చూడు, అది ఇప్పుడు వద్దు. ఈ రోజుల్లో ఇష్టమైనది తిని కక్కుకుంటే, మందులన్నీ అయిపోయాక కూడా దాని వైపు చూడబుద్ధి కాకపోవచ్చు. అమ్మకి రొయ్యల మీద ఇష్టం పోకూడదు. డిసెంబరులోనో, సంక్రాంతికో, తనే అడిగిన రోజున చెయ్యి.

కాస్త కోలుకున్న రోజుల్లోనూ ఈ బాధ పూర్తిగా పోవడం లేదు. 8వ తేదీన వరలక్ష్మీ వ్రతానికి తన పెళ్లినాటి బరంపురం పట్టు కట్టుకుంటానని ముచ్చటపడింది. పెట్టె మూత తీశాను. చీరల మడతల్లో తనే దాచుకున్న ఎండు మొగలిరేకులు, అడుగున కలరా ఉండలు. రెండూ కలిసి ఒక్కసారిగా పైకి కొట్టాయి. అమ్మ మొహం పక్కకి తిప్పేసుకుని, "మూసెయ్యమ్మా" అంది. ఆ చీర ఇప్పుడు మేడ మీద నీడపట్టున ఆరుతోంది. వ్రతానికి మామూలు నూలుచీరే కట్టుకుంది.

కాబట్టి బయల్దేరే రోజు పౌడరు, సెంటు, అత్తరు, పూలు, మల్లెనూనె వద్దు. పెట్టెలోంచి తీసిన చీర అలాగే కట్టుకోకండి, ముందురోజు గాలికి ఆరేయండి. బట్టలు ఉతికాక వేసే సువాసన ద్రవం వాసన కూడా అమ్మకి తెలుస్తోంది, ఈ ఒక్కసారికి అది మానేయండి. మోకాళ్లకి బామ్ రాసుకునేవాళ్లు ఇక్కడి నుంచి తిరిగి వెళ్లాక రాసుకోండి. రైల్లోనో బస్సులోనో వచ్చి చెమట పట్టిందని దాని మీద స్ప్రే కొట్టుకోవద్దు. వాసన మీద వాసన వేస్తే అమ్మకి రెండూ తగులుతాయి. కింద గదిలో వాసన లేని సబ్బు, ఉతికిన తువ్వాళ్లు పెట్టి ఉంచుతాను. కాళ్లూ చేతులూ మొహం కడుక్కుని, అక్కడే కాసేపు కూర్చుని పైకి రండి. చేతులకి శానిటైజరు రాసుకుంటే గుమ్మం బయటే పూర్తిగా ఆరనిచ్చి లోపలికి రండి.

మామయ్యా, సిగరెట్టు గురించి మొహమాటం లేకుండా చెబుతున్నాను. బయట కాల్చి వచ్చినా చొక్కాలో, వేళ్లకి, ఊపిరిలో ఉంటుంది. ఆ రోజుకి మానలేకపోతే చొక్కా మార్చుకుని, నోరు కడుక్కుని, కుర్చీ గుమ్మం దగ్గరే వేసుకో. పాన్, గుండి నమిలేవాళ్లకీ ఇదే మాట.

తినేది ఏదైనా తెస్తే మీ ఇంట్లోనే వండి తీసుకురండి, ఇక్కడ పొయ్యి వెలిగించకండి. మనింట్లో నూనె కాగితే ఆ వాసన గదిలోకి వచ్చి గంటల తరబడి ఉండిపోతోంది. పక్కింటివాళ్లు అప్పడాలు వేయించుకునే వేళ తెలుసుకుని, ఆ వైపు కిటికీ ముందే మూసేస్తున్నాను. ఇంగువ, వెల్లుల్లి పోపులు, ఎండుచేపలు అసలే వద్దు. వేడివేడిగా తినిపించాలని మనకి ఉంటుంది కానీ, ఆవిరితోపాటే వాసన లేస్తుంది. చల్లారిన ఇడ్లీ, పోపు వేయని పెరుగన్నం, గంజి, ఇవి అమ్మ తినగలుగుతోంది. డబ్బా మూత కిందే తీయండి. ఒక్క నిమిషం ఆగి, మొదటి వాసన పోయాక పైకి తెండి. నిమ్మకాయ, అల్లం వికారానికి మంచివంటారు. అమ్మకి ఒకరోజు నిమ్మచెక్క హాయిగా ఉంది, మర్నాడు అదే నచ్చలేదు. ఏదైనా ముక్కు దగ్గర పెట్టే ముందు అడగండి. తినకపోతే బలవంతం చేయకండి.

పెద్దత్తా, నువ్వు హారతి ఇవ్వాలని, దిష్టి తీయాలని అనుకుంటావని నాకు తెలుసు. అవి మీ ఇంట్లో అమ్మ పేరు తలుచుకుని చెయ్యి. కర్పూరం, సాంబ్రాణి, అగరొత్తులు అమ్మ గదిలో వెలిగించడం మానేశాం. దిష్టి మిరపకాయలు నిప్పుల్లో వేస్తే మనకే దగ్గు ఆగదు, కడుపులో తిప్పుతున్న మనిషి ఎలా తట్టుకుంటుంది?

27న వినాయక చవితి. అప్పటికి కీమో అయి 9 రోజులు. 7 నుంచి 14 రోజుల మధ్య ఒంట్లో తెల్లకణాలు బాగా తగ్గిపోయి, చిన్న జబ్బు కూడా పెద్దదవుతుంది. పూజ, పత్రి, పూలు అన్నీ కింద హాల్లోనే. పూలూ, వాటిని పెట్టిన నీళ్లూ అమ్మ గదిలోకి తేవద్దు, వాసన సంగతి సరే, వాటిలో క్రిములు కూడా ఉంటాయి. జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు ఫోన్లోనే మాట్లాడండి. అమ్మ దగ్గర మీరున్నప్పుడు తన ఒళ్లు వేడిగా ఉందనిపిస్తే వెంటనే నాకు చెప్పండి. 100.4 దాటితే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సోమవారం ఆసుపత్రికి మాత్రం ఎవరూ రావద్దు, నేనొక్కదాన్నే ఉంటాను. కీమో ఎక్కించే హాల్లో కుర్చీలు పక్కపక్కనే ఉంటాయి. పోయినసారి ఎవరి బంధువులో లోపలే బిర్యానీ పొట్లం విప్పారు. ఆ వరసలో ఒకరి తర్వాత ఒకరు తలలు వంచుకున్నారు. పాపం, అంతదూరం నుంచి వచ్చి ఆకలి మీదున్న మనుషులు, వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

18 నుంచి 22 దాకా ఇంట్లోవాళ్లం తప్ప ఎవరూ వద్దు. 23, 24 తేదీల్లో సాయంత్రం నాలుగు నుంచి ఆరు లోపు, ఒకేసారి ఇద్దరికి మించకుండా రండి. 25 నుంచి సెప్టెంబరు 1 దాకా నాకు ఫోన్ చేసి, ఒంట్లో ఏ నలతా లేనివాళ్లే రండి. 2 నుంచి 7 దాకా అమ్మ హుషారుగా ఉండే రోజులు, దూరం నుంచి వచ్చేవాళ్లు అప్పుడు పెట్టుకుంటే బాగుంటుంది. 8న మళ్లీ కీమో.

మాట్లాడుతుండగా అమ్మ కొంగు ముక్కు మీదికి తీసుకుందంటే, ఏమైందని అడక్కండి. "కాసేపు కింద కూర్చుంటాం వదినా" అని లేచి రండి చాలు. వాంతయ్యాక బేసిన్ మీద మూత వేసి బయటికి తీసుకెళ్లడం, ఫ్యాన్ గాలి తన మీదుగా కిటికీ వైపు పోయేలా తిప్పడం నేను చూసుకుంటాను.

ఏం తేవాలని నిన్న పిన్ని ఫోన్లో అడిగింది. అమ్మనే అడిగాను. పెద్దత్త దగ్గరున్న అష్టాచెమ్మా గవ్వలు తెమ్మంది. కడిగి, ఎండలో ఆరబెట్టి తెండి.

మీ
పెద్దమ్మాయి