తొలేళ్ల సామాన్లు: చిన్నా, ఇదొక్కటి చూసుకో చాలు

ఒరే చిన్నా, గురువారం నుంచి గ్రూపులో అందరూ పెట్టినవన్నీ ఏరి ఒక్కచోట రాశాను. రింగ్ రోడ్డు షాపులో నువ్వు నడిచే వరసలోనే ఉంది. పైన మెసేజ్‌లు మళ్లీ వెతక్కు, పిచ్చెక్కుతుంది. అందులో నూనె మూడు చోట్ల, చింతపండు రెండు చోట్ల ఉన్నాయి. పద్నాలుగు మందికి, సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను, రెండు రోజులకీ లెక్క. ఈ రోజే వెళ్లిరా. మంగళవారం కోట వైపు బండి కదలదు.

లోపలికి వెళ్లగానే కూరగాయలు కనిపిస్తాయి, అక్కడ ఆగకు. అవి ఆఖర్న. ముందే వేస్తే పప్పుల కింద టమాటాలు నలిగిపోతాయి. పోయినసారి అదే చేశావు.

*పప్పులు, పిండ్ల వరస*
కందిపప్పు 2 కిలోలు
మినపగుళ్లు 2 కిలోలు (గారెలకీ, బూరెల తోపుకీ కలిపి)
శనగపప్పు 1 కిలో, పూర్ణానికి
పెసరపప్పు అరకిలో
గోధుమ పిండి 2 కిలోలు
బెల్లం 2 కిలోలు. మరీ తెల్లగా ఉన్నది వద్దు, అమ్మ ఒప్పుకోదు.

వదిన క్యాలెండర్ కాగితం వెనక రాసి ఫోటో పెట్టింది చూడు, అందులో 'గో.పి.' అంటే గోధుమ పిండే. నేను గోరింటాకు పొడి అనుకున్నాను. ఫోన్ చేసి అడిగేశాను.

బియ్యం తేకు. అమ్మ గురువారం 10 కిలోలు అంది కానీ, బస్తాలో సగానికి పైగా ఉన్నాయని నిన్న రాత్రి వదిన పెట్టింది.

*నూనెలు*
అమ్మ 2 లీటర్లు అంది, వదిన 5 లీటర్ల క్యాన్ అంది, తర్వాత అమ్మే ఇంట్లో లీటరు ఉందంది. గారెలు, బూరెలు రెండూ వేయించాలి కాబట్టి క్యానే తీసుకో. మిగిలితే దీపావళికి పనికొస్తుంది. దీపాలకి నువ్వుల నూనె అరలీటరు విడిగా. నెయ్యి అరకిలో.

*పోపు సామాన్లు*
ఆవాలు, జీలకర్ర వంద గ్రాములేసి. ఎండుమిర్చి పావుకిలో. చింతపండు అరకిలో (పెద్దమ్మ అడిగిందీ అమ్మ అడిగిందీ ఒకటే, రెండు తేకు). యాలకులు చిన్న ప్యాకెట్ ఒకటి. ఇంగువ అయిపోయింది, ఇది మాత్రం మర్చిపోకు.
జీడిపప్పు వైపు చూడనే వద్దు, పెద్దమ్మ పలాస నుంచి తెస్తోంది.

*పూజ సామాన్లు*
పసుపు పావుకిలో, కుంకుమ వంద గ్రాములు, కర్పూరం, వత్తులు. కొబ్బరికాయలు ఆరు. అమ్మ వాయిస్ మెసేజ్‌లో సరిగ్గా ఆ మాట దగ్గరే కుక్కర్ విజిల్ వేసింది, మూడుసార్లు విన్నాను. ఆరే.
నాన్న 'అది కూడా ఒకటి' అని పెట్టి ఊరుకున్నారు కదా. ఏది అని అడిగితే అగరబత్తి అట. పెద్ద ప్యాకెట్ తీసుకో.

*సబ్బుల వరస*
గిన్నెల సబ్బులు 4, బట్టల పొడి 1 కిలో, పేపర్ ప్లేట్లు 50, గ్లాసులు 100. ప్లేట్లు పల్చటివి తెస్తే పప్పు వేయగానే వంగిపోతాయి, చేత్తో నొక్కి చూడు.

*ఇప్పుడు వెనక్కి, కూరగాయలకి*
ఉల్లిపాయలు 3 కిలోలు, బంగాళాదుంపలు 2, టమాటాలు 2, వంకాయలు 1, కంద 1 కిలో (ఆవ పెట్టి వండుతుందట అమ్మ). పచ్చిమిర్చి పావు, అల్లం పావు. కరివేపాకు పెరట్లో ఉంది, డబ్బు పెట్టకు. గుడ్లు పిన్ని అడిగింది, మంగళవారం దాటేదాకా వద్దని అమ్మ అంది. కొట్టేశాను.

*బిల్లు దగ్గర ఫ్రిజ్*
పెరుగు 2 కిలోలు, పాలు 3 లీటర్లు. ఇవి సరిగ్గా బిల్లుకి ముందే తీయి. తర్వాత ఎక్కడా టీకి ఆగకు, తిన్నగా ఇంటికి రా.

షాపులో కానివి రెండే. అరటిపళ్లు సోమవారం ఉదయం మార్కెట్‌లో. తినడానికి రెండు డజన్లు, సిరిమాను మీద విసరడానికి ఇంకో డజను. విసిరేవి చిన్నవైనా పర్లేదు, నాన్న ఏమన్నా పట్టించుకోకు. పువ్వులు నేను విశాఖ నుంచి వస్తూ తెస్తాను.

తీసుకున్నది తీసుకున్నట్టు ఈ మెసేజ్‌కే రిప్లై పెట్టు, 'పప్పులు అయ్యాయి' అని. ఎవరైనా ఇప్పుడు కొత్తగా ఏదైనా అడిగితే నాకు పెట్టమను, నీకు కాదు. డబ్బులు నాన్న ఫోన్ నుంచి కట్టు, ఆయనకి చెప్పాను. రెండు గోనె సంచులు బండి డిక్కీలో ఉన్నాయి, అక్కడ మళ్లీ కవర్లు కొనకు.