నీటిపారుదల పేపర్ నోట్స్

మామా, పీడీఎఫ్ పంపిస్తున్నా. మొత్తం 22 పేజీలే. ఫోన్‌లో చదివితే కళ్లు గుంజుతాయి, హన్మకొండ చౌరస్తాలో జిరాక్స్ తీయించుకో.

మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకు. ముందు చివరి రెండు పేజీల ఫార్ములాలు చూసి, కాగితం మూసేసి రాయి. రానివి మాత్రమే వెనక్కి వెళ్లి చదువు. డ్యూటీ, డెల్టా దగ్గర కొంచెం ఆగు:

Δ = 8.64 B/D

B రోజుల్లో, D హెక్టార్/క్యుమెక్‌లో పెడితేనే Δ మీటర్లలో వస్తది. B 120, Δ 1.2 అయితే D 864. ఈ లెక్క చూడకుండా చెయ్యగలిగితే ఆ యూనిట్ అయిపోయినట్టే. యూనిట్లు రాయకుండా నంబర్ ఒక్కటే పెట్టి రాకు, సార్ ఊరుకోడు.

లేసీకి P = 4.75√Q గుర్తుంటే సగం పని అయినట్టే. బ్లై, ఖోస్లా తేడా టేబుల్ వేసిన, బొమ్మతో సహా దించెయ్. షీట్ పైల్ గీయకపోతే మార్కులు పోతాయి. చెరువుల ప్రశ్న వస్తే మన పాఖాల, రామప్ప పేర్లు రాయి, ఊరికే రెండు లైన్లు పెరుగుతాయి.

పసుపు రంగు వేసినవి పాత పేపర్లలో మళ్లీ మళ్లీ వచ్చినవి. డ్యామ్‌ల థియరీ ఇందులో లేదు, అది టెక్స్ట్‌బుక్‌లోనే చూడాలె. టెన్షన్ పడకు, రాత్రి 9 తర్వాత ఫోన్ చెయ్, లెక్కలు కలిసి చేద్దాం.